నజ్జల – అన్‌జల: ఆలి ఇమ్రాన్ 3వ ఆయతులో తేడా ఎంతవరకు?

తర్జుమా_సఫియా
అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్కారం. మా చదువు బృందం కోసం ఖుర్‌ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా మొదటి పేజీకి తెలుగులో పాదసూచికలు రాస్తున్నాను. 3వ ఆయతులో ఒకే వాక్యంలో రెండు క్రియలున్నాయి: "నజ్జల అలైకల్ కితాబ బిల్‌హఖ్ఖ్... వ అన్‌జలత్ తౌరాత వల్ ఇన్‌జీల్." ఖుర్‌ఆన్‌కు నజ్జల, తౌరాత్, ఇన్‌జీల్‌లకు అన్‌జల. నేను చూసిన తెలుగు అనువాదాల్లో రెండు చోట్లా "అవతరింపజేశాడు" అనే ఉంది. అరబీలో కావాలని మార్చినట్టు కనిపిస్తోంది కదా, తెలుగులో ఆ మార్పు తేవాలా? తెస్తే ఎలా తేవాలి? "దశలవారీగా" అన్న మాట ఆయతు అనువాదంలోనే పెట్టేయమని మా బృందంలో ఒకరి పట్టు.

కర్నూలు_తాలిబ్
వఅలైకుముస్సలాం. ఇందులో తికమకేమీ లేదు అక్కా. నజ్జల బాబె తఫ్ఈల్, అన్‌జల బాబె ఇఫ్ఆల్. తఫ్ఈల్‌లో నడిమి అక్షరం రెట్టిస్తుంది కాబట్టి పని మళ్ళీ మళ్ళీ జరిగిందని అర్థం వస్తుంది. ఖుర్‌ఆన్ సుమారు 23 ఏళ్ళలో కొంచెం కొంచెంగా దిగింది, అందుకే నజ్జల. తౌరాత్, ఇన్‌జీల్ ఒక్కసారిగా దిగాయి, అందుకే అన్‌జల. జమఖ్షరీ తన తఫ్సీర్ కష్షాఫ్‌లో ఈ ఆయతు దగ్గర చెప్పింది ఇదే. "దశలవారీగా" అని నిస్సంకోచంగా పెట్టండి.

సాల్మియా_శేఖర్
నేను అరబీ వ్యాకరణం చదువుకోలేదు, కువైట్‌లో పనిచేస్తూ నేర్చిన భాషే. ఇక్కడ లారీలోంచి సామాను దించమనడానికీ, ఫోన్‌లోకి ఫైల్ దించమనడానికీ "నజ్జిల్" అనే అంటారు. ఫైల్ ఒక్క దెబ్బకు దిగినా నజ్జిలే, సిమెంటు బస్తాలు ఒక్కొక్కటే దించినా నజ్జిలే. మరి కొంచెం కొంచెంగా అన్న అర్థం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

మీజాన్
శేఖర్ గారూ, మీరు విన్నది నిజమే, కానీ ఈ ఆయతుకు అది సాక్ష్యంగా పనికిరాదు. మాట్లాడే అరబీ యాసల్లో చాలావాటిలో ఇఫ్ఆల్ దాదాపు మరుగున పడిపోయింది. అది చేసే పని, అంటే "చేయించడం", తఫ్ఈల్ నెత్తిన వేసుకుంది. రెండు రూపాలూ సజీవంగా పక్కపక్కనే ఉన్నప్పుడే ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని ఎంచుకోవడానికి అర్థం ఉంటుంది. కువైట్ వీధిలో ఆ ఎంపికే లేదు. 7వ శతాబ్దపు అరబీలో ఉంది.

ఇక తాలిబ్ భాయ్ చెప్పింది. జమఖ్షరీ ఆ మాట అన్నది నిజం. దాన్ని సూత్రం చేసే ముందు ఇంకో ఆయతు చూడండి, ఫుర్ఖాన్ 32: "లౌలా నుజ్జిల అలైహిల్ ఖుర్‌ఆను జుమ్లతన్ వాహిదహ్." ఖుర్‌ఆన్ అతని మీద మొత్తం ఒక్కసారిగా ఎందుకు దింపబడలేదు అని అవిశ్వాసులు అడిగిన మాట. ఒక్కసారిగా అని విడమరచి చెప్పిన చోట వాడింది అన్‌జల కాదు, నజ్జల. ఆ రెట్టింపులోనే, అంటే తష్దీద్‌లోనే, "కొంచెం కొంచెంగా" ఉంటే ఈ వాక్యం "కొంచెం కొంచెంగా ఒక్కసారిగా" అయి కూర్చుంటుంది. జమఖ్షరీకి ఈ చిక్కు కనిపించింది. అందుకే అక్కడ నుజ్జిలకు ఉన్జిల అర్థమే తీసుకోవాలి, ఖబ్బర అంటే అఖ్బర అయినట్టు, లేకపోతే మాట తనను తానే కొట్టేసుకుంటుంది అని రాశాడు. అంటే సూత్రం పెట్టినాయనే ఒక చోట దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది.

కర్నూలు_తాలిబ్
ఒక్క ఆయతు కోసం సూత్రం వదిలేస్తామా భాయ్? అక్కడ మాట్లాడుతున్నది అవిశ్వాసులు. ఖుర్‌ఆన్ విడతలుగా దిగడం వాళ్ళు రోజూ చూస్తున్నారు, దానికి వాడుకలో ఉన్న క్రియ నజ్జల, అదే వాడారు. పైగా ఆ ఆయతు జవాబులోనే "వ రత్తల్‌నాహు తర్తీలా" అని ఉంది, అదీ తఫ్ఈలే. బనీ ఇస్రాయీల్ 106 చూడండి: "లితఖ్‌రఅహూ అలన్నాసి అలా ముక్సిన్ వ నజ్జల్‌నాహు తన్‌జీలా." ఆగి ఆగి చదివి వినిపించడానికి అని చెప్పి, వెంటనే నజ్జల్‌నాహు. ఇంతకన్నా ఏం కావాలి?

మీజాన్
106వ ఆయతు మంచి ఉదాహరణ. అయితే అక్కడ "ఆగి ఆగి" అన్న అర్థం ఎవరు మోస్తున్నారో చూడండి. "అలా ముక్సిన్" మోస్తోంది. అంతకు ముందు "ఫరఖ్‌నాహు", విడదీశాం, అని కూడా ఉంది. ఆ రెండు మాటలూ తీసేసి నజ్జల్‌నాహు ఒక్కటే మిగిల్తే విడతలు అనే అర్థం కచ్చితంగా వస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

దీనికి వ్యాకరణవేత్త, ఖుర్‌ఆన్ వ్యాఖ్యాత అబూ హయ్యాన్ (మరణం 1344) ఒక పరీక్ష ఇచ్చాడు. బఖరా 23లో "మిమ్మా నజ్జల్‌నా" దగ్గర జమఖ్షరీని నిలదీస్తూ చెప్పినది. నాకు తెలిసినంతలో చేతిలో పట్టుకుని వాడుకోగల పరీక్ష ఇదొక్కటే. రెట్టింపు లేని మూల క్రియను ముందు చూడాలి. దానికి అప్పటికే కర్మ ఉందా, లేదా? ఖతఅ అంటే కోశాడు, కర్మ ఉంది. ఖత్తఅ అన్నా ఒక్క కర్మే. తష్దీద్ వచ్చినా కర్మల సంఖ్య మారలేదు, కాబట్టి ఆ రెట్టింపు ఇంకేదో పని చేస్తోంది. ఆ పనే "ఎక్కువసార్లు, ఎక్కువమందిని, ముక్కలు ముక్కలుగా". జబహ–జబ్బహ, ఫతహ–ఫత్తహ, జరహ–జర్రహ, అన్నీ ఇదే దారి. నజల సంగతి వేరు. నజల అంటే దిగాడు, కర్మ లేదు. నజ్జల అనగానే కర్మ పుట్టింది. తష్దీద్ చేయాల్సిన పని అక్కడే చేసేసింది, దిగడాన్ని దించడంగా మార్చింది. కర్మ లేని క్రియ మీద కూడా ఆధిక్యం కోసం తష్దీద్ అరుదుగా వస్తుంది. కానీ అలా వచ్చినప్పుడు క్రియ అకర్మకంగానే ఉండిపోతుంది అంటాడు. "మవ్వతల్ మాల్", అంటే పశువులు కుప్పలుగా చచ్చాయి, దానికి ఉదాహరణ. నజ్జల అలా ఉండిపోలేదు. కాబట్టి ఇక్కడ తష్దీద్ చేసింది ఇఫ్ఆల్‌లో ముందు చేరే హమ్జా చేసే పనే, అంతకు మించి ఏమీ లేదు అని ఆయన వాదం.

తర్జుమా_సఫియా
అంటే అబూ హయ్యాన్ లెక్కలో నజ్జల, అన్‌జల ఒకటేనా? మరి ఒకే ఆయతులో రెండూ పక్కపక్కన ఎందుకు వచ్చాయి?

మీజాన్
ఆయన లెక్కలో వ్యాకరణం వరకు ఒకటే. అయితే తష్దీద్‌కు ఒక్కసారికి ఒక్క పనే చేయగలిగే శక్తి ఉందని ముందే అనుకుంటేనే ఆ వాదం పూర్తిగా నెగ్గుతుంది. అలా ఉండాలని ఏమీ లేదు. కర్మను తెస్తూనే కొద్దిగా ఆధిక్యపు వాసన కూడా మోయవచ్చు. అల్లమ చూడండి. తొలినాటి వ్యాకరణవేత్త సీబవైహ్ అల్లమ్‌తు అంటే తీర్చిదిద్దాను, అఅ్‌లమ్‌తు అంటే తెలియజేశాను అని విడదీశాడు. రెండింటికీ మూలం అలిమ. "అల్లమ ఆదమల్ అస్మాఅ" (బఖరా 31) అన్నప్పుడు నేర్పడం, కూర్చోబెట్టి చెప్పడం ఉంది. అఅ్‌లమ అని ఉంటే కబురు చెప్పినట్టయ్యేది. రెండూ "తెలిసేలా చేయడమే", కానీ ఒకటి సాగే పని, ఇంకోటి ఒక్క మాటతో ముగిసే పని.

కాబట్టి నా మొగ్గు రాగిబ్ తన ఖుర్‌ఆన్ పదకోశం ముఫ్రదాత్‌లో చెప్పిన దాని వైపు. తన్‌జీల్ అనేది విడివిడిగా, ఒకటి తర్వాత ఒకటి దిగినదాన్ని సూచించే చోట వస్తుంది, ఇన్‌జాల్ మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది అంటాడాయన. ఇది జమఖ్షరీ మాటలాగే వినిపిస్తుంది గానీ తేడా ఉంది. ఆయన అన్‌జలకు "ఒక్కసారిగా" అని ముద్ర వేయలేదు. అన్‌జల ఏ ముద్రా లేని సాదా మాట. అందుకే ఖుర్‌ఆన్‌కు అన్‌జల వాడిన చోట్ల ("ఇన్నా అన్‌జల్‌నాహు ఫీ లైలతిల్ ఖద్ర్") కూడా రాగిబ్ లెక్కకు దెబ్బ తగలదు. ఫుర్ఖాన్ 32 ఆయనకూ ఇబ్బందే అనుకోండి.

ఆలి ఇమ్రాన్‌లోనే ఇంకో మెలిక ఉంది. 4వ ఆయతు "వ అన్‌జలల్ ఫుర్ఖాన్". ఫుర్ఖాన్ అంటే ఇక్కడ ఖుర్‌ఆనే అని చాలామంది వ్యాఖ్యాతలు తీసుకుంటారు. అలా తీసుకుంటే పై ఆయతులో నజ్జల అన్నదాన్నే కింద ఆయతులో అన్‌జల అన్నట్టు. "అన్‌జల అంటే ఒక్కసారే" అని పాదసూచికలో రాస్తే, రెండు లైన్ల కింద చదువరి మిమ్మల్ని పట్టుకుంటాడు.

గురులఘువు
నేను ఛందస్సు వైపు నుంచి వచ్చినవాణ్ణి, ఖుర్‌ఆన్ వ్యాఖ్యానం నా పని కాదు. ప్రాచీన అరబీ పద్యాల్లో ఈ రెండు రూపాల తేడా పాటించారా? పద్యంలో మాట మారితే గణం మారుతుంది కాబట్టి అక్కడ దొరికే సాక్ష్యం మీద నాకు గురి ఎక్కువ.

మీజాన్
పాటించారు, పాటించకపోయిన చోటూ ఉంది. రెండోదే ఎక్కువ ఆసక్తికరం. సూరా యూసుఫ్ 23: "వ గల్లఖతిల్ అబ్‌వాబ్", ఆమె తలుపులన్నీ మూసేసింది. సీబవైహ్ నియమం ఏమంటే, ఒక తలుపైతే అగ్లఖ్‌తుల్ బాబ్, చాలా తలుపులైతే గల్లఖ్‌తుల్ అబ్‌వాబ్. పని ఎక్కువైంది కాబట్టి తష్దీద్. వెంటనే ఆయనే "అగ్లఖ్‌తుల్ అబ్‌వాబ్ అన్నా చక్కని అరబీయే" అని చేర్చి ఫరజ్‌దఖ్ పాదం చూపిస్తాడు: "మా జిల్‌తు ఉగ్లిఖు అబ్‌వాబన్ వ అఫ్‌తహుహా". నేను తలుపులు మూస్తూ తెరుస్తూనే ఉన్నాను అని. తలుపులు బహువచనం, పని ఎడతెగనిది, అయినా క్రియ ఇఫ్ఆల్‌లోనే ఉంది. ఆ పద్యం అబూ అమ్‌ర్ అనే పండితుణ్ణి పొగిడినది. నజ్జల్‌తుకు, అన్‌జల్‌తుకు తేడా చూసేవాడని సీబవైహ్ పేరు పెట్టి చెప్పిన అబూ అమ్‌ర్ ఆయనే. ఎలా తేడా చూసేవాడో మాత్రం ఆ వాక్యంలో లేదు.

గురులఘువు
అయితే నాకు అనుమానం వచ్చింది. అది బసీత్ వృత్తం కదా. పాదాన్ని విడగొట్టి చూశాను. మా–జిల్–తు–ఉగ్: గురు, గురు, లఘు, గురు. లి–ఖు–అబ్: లఘు, లఘు, గురు. వా–బన్–వ–అఫ్: మళ్ళీ గురు, గురు, లఘు, గురు. త–హు–హా: లఘు, లఘు, గురు. ముస్తఫ్ఇలున్, తర్వాత మొదటి గురువు కురచైన ఫాఇలున్, మళ్ళీ అదే జత. చక్కగా కుదిరింది. ఇప్పుడు ఉగ్లిఖు బదులు ఉగల్లిఖు పెట్టి చూడండి. మా–జిల్–తు–ఉ: నాలుగో చోట గురువు రావాలి, లఘువు పడింది. వృత్తం అక్కడే విరిగింది. కవికి తష్దీద్ పెట్టే వీలే లేదు. మరి ఇది వ్యాకరణానికి సాక్ష్యమా, గణం కోసం సర్దుకోవడమా?

మీజాన్
మంచి పట్టు పట్టారు. తష్దీద్ కుదరదన్నది నిజమే. కానీ సీబవైహ్ ఇక్కడ పద్యాన్ని ముందు పెట్టి నియమం లాగలేదు. ముందు మామూలు మాటగా "అగ్లఖ్‌తుల్ అబ్‌వాబ్" చక్కనిదని తీర్పు ఇచ్చి, ఆ తర్వాత పద్యం తెచ్చాడు. పద్యం కోసం సర్దుకున్న రూపమని అనుకుంటే ఆ మాట వేరుగా చెప్పే అలవాటు ఆయనకు ఉంది, ఇక్కడ చెప్పలేదు. కాబట్టి నేను దీన్ని ఇలా చదువుతాను: తష్దీద్ ఉంటే "చాలా" అని తప్పకుండా వినపడుతుంది, తష్దీద్ లేకపోతే "ఒక్కటే" అని వినపడదు. తేడా ఒకవైపే పనిచేస్తుంది.

గురులఘువు
ఒకవైపే పనిచేస్తుందన్నది ఒప్పుకుంటాను. పద్య సాక్ష్యం మీద నా అనుమానం మాత్రం తీరలేదు. కవికి రెండు రూపాలూ గణానికి సరిపోయి, అందులో ఒకటి ఎంచుకున్న పాదం దొరికితే దాన్ని నమ్ముతాను.

సాల్మియా_శేఖర్
మీరు ఖత్తఅ గురించి చెప్పారు కాబట్టి అడుగుతున్నా. యూసుఫ్ కథలో ఆడవాళ్ళు కత్తులతో చేతులు కోసుకున్నారని విన్నాను. అక్కడ తష్దీద్ ఉందంటే చేతులు పూర్తిగా తెగిపోయినట్టా?

మీజాన్
లేదండి. తఫ్ఈల్‌ను "తీవ్రత" అని నేర్పడం వల్ల అందరూ పడే గుంట ఇది. యూసుఫ్ 31లో "ఖత్తఅ్‌న ఐదియహున్న" అని తష్దీద్‌తో ఉంది, చాలా తఫ్సీర్లు దానికి చేతులకు గాట్లు పడ్డాయనే అర్థం చెప్తాయి. మాఇదా 38లో దొంగ చేతిని ఖండించే శిక్ష "ఫఖ్‌తఊ ఐదియహుమా" అని తష్దీద్ లేకుండా ఉంది. పూర్తిగా తెగేది తష్దీద్ లేని చోట, గాట్లతో పోయేది తష్దీద్ ఉన్న చోట! తష్దీద్ లెక్కపెట్టేది కత్తి లోతును కాదు, ఎన్నిసార్లు, ఎంతమంది అన్నదాన్ని. చాలామంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరికీ చాలా గాట్లు. తెలుగులో "కసకసా కోసుకున్నారు" అంటే దగ్గరగా వస్తుందేమో, "నరుక్కున్నారు" అంటే మాత్రం తప్పు దారి.

ఏడు_ఖిరాఅతులు
కాస్త ఆలస్యంగా చేరాను. మీరంతా హఫ్స్ ఖిరాఅత్, అంటే హఫ్స్ చదివిన తీరు ఒక్కటే ముందు పెట్టుకుని మాట్లాడుతున్నారు. నజ్జల–అన్‌జల తేడా మీద అంత బరువు వేసే ముందు ఒకటి గమనించండి. వర్తమాన రూపంలో యునజ్జిలు, యున్‌జిలు రెండిటికీ రాత ఒకటే: యా, నూన్, జా, లామ్. అలిఫ్ లేదు, తేడా అంతా తష్దీద్‌లోనూ నూన్ మీది గుర్తులోనూ ఉంది. అందుకే ఖారీలు అక్కడ విడిపోయారు. బఖరా 90లో మనం "అన్ యునజ్జిలల్లాహు" అని చదివే చోట ఇబ్ను కసీర్, అబూ అమ్‌ర్ "అన్ యున్‌జిల" అంటారు. ఇలాంటి చోట్లు ఖుర్‌ఆన్‌లో చాలా ఉన్నాయి. భూతకాలంలో అలా కుదరదు. అన్‌జల అనాలంటే ముందు అలిఫ్ ఉండాలి, నజ్జలకు ఉండదు. ఆలి ఇమ్రాన్ 3లో రాతే రెంటినీ విడదీసి పెట్టింది, అక్కడ ఈ ఖారీలు ఒకదాన్ని రెండోదిగా మార్చి చదవలేదు.

ఇక రాత ఒకటే అయి, తష్దీద్ ఉందా లేదా అన్నదాని మీద కర్తే మారిపోయే చోటు చూడండి, షుఅరా 193. హఫ్స్, నాఫిఅ్, ఇబ్ను కసీర్, అబూ అమ్‌ర్ చదివేది "నజల బిహిర్ రూహుల్ అమీన్": నమ్మకమైన ఆత్మ దాన్ని తీసుకుని దిగింది. ఇబ్ను ఆమిర్, హమ్జా, కిసాఈ, ఆసిమ్ నుంచి షుఅబా చదివేది "నజ్జల బిహిర్ రూహల్ అమీన": ఆయన ఆ ఆత్మను దానితో దించాడు. మొదటి చదువులో కర్త జిబ్రీల్, రెండో చదువులో అల్లాహ్. రూహు మీది పేష్ జబర్‌గా మారింది. ఒక్క తష్దీద్‌తో వాక్యంలో కుర్చీలు మారిపోయాయి.

కర్నూలు_తాలిబ్
షుఅరాలో తష్దీద్ చదువుకే బలం ఎక్కువ కదా ఖారీ సాబ్? ముందు ఆయతే "వ ఇన్నహూ లతన్‌జీలు రబ్బిల్ ఆలమీన్". తన్‌జీల్ నజ్జలకే మస్దర్, అంటే క్రియానామం. దించినవాడు రబ్బే అని అక్కడే ఉంది.

ఏడు_ఖిరాఅతులు
ఆ చదువు పక్షాన చెప్పే మాట అదే. దానికి ఎదురు చెప్పేవాళ్ళు బఖరా 97 చూపిస్తారు, "ఫఇన్నహూ నజ్జలహూ అలా ఖల్బిక", జిబ్రీల్ దాన్ని నీ గుండె మీదికి దించాడు. అక్కడ నజ్జలకే జిబ్రీల్ కర్త అయినప్పుడు, ఆయన దానితో దిగాడనడానికి ఇబ్బంది ఏముంది అంటారు. రెండు చదువులూ స్థిరపడినవే, ఒకదాన్ని గెలిపించాల్సిన అవసరం లేదు.

తెలుగువాళ్ళకు షుఅరా ఆయతు తేలిగ్గానే అందాలి. మనకు దిగు, దించు ఉన్నాయి. నజల దిగడం, నజ్జల దించడం. మనకు లేనిదల్లా దించడంలో రెండో రకం. దింపించు ఉంది గానీ అది ఇంకొకరి చేత చేయించడం, తఫ్ఈల్ అది కాదు.

తర్జుమా_సఫియా
అదే నా చిక్కు. నజ్జలకు ఒక మాట, అన్‌జలకు ఒక మాట అని నిఘంటువులా పంచేసుకుంటే అంతటా అదే వాడొచ్చు కదా? నజ్జల అన్నచోటల్లా "అవతరింపజేస్తూ వచ్చాడు", అన్‌జల అన్నచోటల్లా "అవతరింపజేశాడు" అని పెడితే ఎలా ఉంటుంది?

మీజాన్
ఆ పద్ధతి ఎక్కడ విరుగుతుందో పరీక్షించి చూద్దాం. ఆలి ఇమ్రాన్ 3లో బాగానే ఉంటుంది. బనీ ఇస్రాయీల్ 106లో ఇంకా బాగుంటుంది. ఫుర్ఖాన్ 32కు రండి: "ఖుర్‌ఆన్ ఒక్కసారిగా ఎందుకు అవతరింపజేయబడుతూ రాలేదు?" వాక్యం చచ్చింది. ముహమ్మద్ 20కి రండి: "లౌలా నుజ్జిలత్ సూరహ్, ఫఇజా ఉన్జిలత్ సూరతున్ ముహ్‌కమహ్". ఒక సూరా దిగితే బాగుండునని విశ్వాసులు అడుగుతారు, ఆ సూరా దిగాక కొందరి కళ్ళు తేలిపోతాయి. ఒకే మాదిరి ఒక్క సూరాకు మొదట నజ్జల, తర్వాత అన్‌జల. మొదటి దానికి "వస్తూ" అని, రెండో దానికి మామూలుగా పెడితే రెండు వేరు రకాల దిగడాలని చదువరి అనుకుంటాడు. ఆ అర్థానికి ఆయతులో ఆధారం లేదు.

రూపం మారిన ప్రతిసారీ అర్థం మారాలన్న పట్టుదల ఉంటే తారిఖ్ చివరి ఆయతు ముందు పెట్టుకోండి: "ఫమహ్‌హిలిల్ కాఫిరీన అమ్‌హిల్‌హుమ్ రువైదా." మొదటిది తఫ్ఈల్, రెండోది ఇఫ్ఆల్, మనుషులు వాళ్ళే, గడువు అదే. ఆజ్ఞను తిరిగి చెప్తూ రూపం మార్చడం, ప్రవక్తకు ఓపికను, నిబ్బరాన్ని పెంచడానికి అని జమఖ్షరీనే అంటాడు. అక్కడ "గడువు ఇస్తూ ఉండు, ఒక్కసారి గడువు ఇవ్వు" అని చీల్చితే నవ్వులపాలే. తెలుగులోనూ "వదిలేయ్, వాళ్ళను వదిలిపెట్టు కొంచెం" అంటాం, రెండు మాటలకు రెండు అర్థాలు వెతకం.

కర్నూలు_తాలిబ్
సరే, తారిఖ్‌లో ఒప్పుకుంటాను. కానీ అది ఒకే కర్మకు రెండు క్రియలు. ఆలి ఇమ్రాన్ 3లో వేరు వేరు కితాబులకు వేరు వేరు క్రియలు. నిసా 136లోనూ అదే పంపిణీ: "వల్ కితాబిల్లజీ నజ్జల అలా రసూలిహీ వల్ కితాబిల్లజీ అన్‌జల మిన్ ఖబ్ల్." రెండు చోట్ల ఒకే తీరున పంచితే అది కాకతాళీయమని ఎవరైనా అంటే నాకు మింగుడు పడదు.

మీజాన్
నిసా 136 మీ వాదానికి ఉన్న గట్టి స్తంభం, ఫుర్ఖాన్ కన్నా ముందు అదే చెప్పి ఉండాల్సింది మీరు. నేనూ కాకతాళీయమని అనను. రెండు రూపాలు పక్కపక్కన, రెండు వేరు వస్తువులకు ఎదురెదురుగా పెట్టినప్పుడు వాటి మధ్య తేడా మేలుకుంటుంది. అదే నజ్జల ఒంటరిగా వస్తే ఆ తేడా నిద్రపోతుంది. కాబట్టి అర్థం తష్దీద్‌లో అచ్చుపోసి లేదు, జత కట్టడంలో పుడుతోంది. సఫియా గారూ, ఇది నా చదువు, అబూ హయ్యాన్ ఇంత దూరం కూడా రాడు.

పనిలో మాత్రం ఇలా చేయండి. ఆయతు అనువాదంలో రెండు చోట్లా "అవతరింపజేశాడు" అనే ఉంచండి. 106లాగా "ఆగి ఆగి" అన్న మాట ఆయతులోనే ఉన్నచోట తప్ప "దశలవారీగా" అని చేర్చకండి, అక్కడైనా అది ముక్స్‌కు అనువాదం, నజ్జలకు కాదు. 3వ ఆయతు కింద సూచికలో మూడు సంగతులు చాలు: అరబీలో క్రియలు వేరు, జమఖ్షరీ దాన్ని విడతలుగా, ఒక్కసారిగా అని చదివాడు, ఫుర్ఖాన్ 32ను చూపి ఇతరులు అభ్యంతరం చెప్పారు. షుఅరా 193కు మాత్రం సూచిక తప్పనిసరి. అక్కడ రెండో ఖిరాఅత్‌ను కూడా తెలుగులో పూర్తి వాక్యంగా రాయండి, ఎందుకంటే కర్త మారింది.

తర్జుమా_సఫియా
షుక్రియా అందరికీ. సూచిక అలాగే రాస్తాను. "దశలవారీగా" అన్న మాట ఆయతులో వద్దని మావాళ్ళకు ఫుర్ఖాన్ 32 చూపిస్తే చాలనుకుంటా.

ఏడు_ఖిరాఅతులు
మీజాన్ గారూ, మీ "జత కట్టడం" మాటకు పనికొచ్చేది ఒకటి, ఇబ్బంది పెట్టేది ఒకటి. వర్తమానంలో దాదాపు అంతటా యున్‌జిలు అని తష్దీద్ లేకుండా చదివే అబూ అమ్‌ర్, అన్ఆమ్ 37లో మాత్రం "అన్ యునజ్జిల ఆయహ్" అని తష్దీద్‌తో చదివాడు. ఆ ఆయతులోనే ముందు "లౌలా నుజ్జిల అలైహి ఆయహ్" ఉంది, దానితో జత కుదరడానికని కారణం చెప్తారు. ఇది మీ వైపు.

హిజ్ర్ 21 దగ్గర జత లేదు. "వ మా నునజ్జిలుహూ ఇల్లా బిఖదరిమ్ మఅ్‌లూమ్", తెలిసిన కొలత ప్రకారమే దాన్ని దించుతాం. దాదాపు అంతటా తేలికగా చదివే ఇబ్ను కసీర్, అబూ అమ్‌ర్ కూడా ఇక్కడ తష్దీద్‌తోనే చదివారు, అందరూ ఒక్కటయ్యారు. కొలత ప్రకారం, మళ్ళీ మళ్ళీ దిగేది కాబట్టి తష్దీద్ తప్పలేదని కొందరి మాట. అదే నిజమైతే ఎదురుగా అన్‌జల లేకుండానే తష్దీద్ తన అర్థం తాను మోస్తున్నట్టు.

మీజాన్
అర్థం చూసి అలా చదివారా, గురువుల నుంచి అలా విని చదివారా అన్నది తేలాలి కదా ఖారీ సాబ్. అర్థమే కారణమైతే, విడతల మాట స్పష్టంగా ఉన్న మిగతా చోట్లా వాళ్ళు తష్దీద్ పెట్టి ఉండాలి.

ఏడు_ఖిరాఅతులు
వినికిడే మూలం, అందులో వాదం లేదు. కారణాలు తర్వాత వెతికినవి. అయినా ఇబ్ను కసీర్ బనీ ఇస్రాయీల్ 82లో "నునజ్జిలు మినల్ ఖుర్‌ఆన్" అన్న చోట కూడా తష్దీద్ ఉంచాడు. ఖుర్‌ఆన్‌లోంచి భాగాలు దించుతూ ఉండడం గురించిన ఆయతు అది. అబూ అమ్‌ర్ అక్కడ తష్దీద్ లేకుండానే చదివాడు.